స్కూల్ అసెంబ్లీలో నీళ్లు, పండ్లు, టాయిలెట్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

హైదరాబాద్ స్కూళ్లలో ఈ విషయం మీద చాలాసార్లు మాట్లాడాను, ఇతరులు మాట్లాడుతుంటే విన్నాను. అందరూ నీళ్లతో మొదలుపెట్టి, పండ్ల పేర్లు చదివి, టాయిలెట్ మాట రాగానే గొంతు తగ్గించేస్తారు. అసలు మొదలుపెట్టాల్సిందే అక్కడ. బడిలో టాయిలెట్‌కి వెళ్లడం ఇష్టంలేని పిల్ల నీళ్లే ముట్టదు. పొద్దున నింపి పంపిన బాటిల్ సాయంత్రం అలాగే ఇంటికొస్తుంది.

కావాల్సినవి: మైకు, ఒక జామపండు, రెండు బంకమట్టి ఉండలు. ఒక ఉండని ముందురోజే ఎండబెట్టండి, రెండోదాన్ని తడిగుడ్డలో చుట్టి ఉంచండి. నాలుగు నిమిషాలు దాటొద్దు.

1. ముందు టాయిలెట్ చూసి రండి. గడియ పడాలి, కుళాయిలో నీళ్లు రావాలి, మగ్గు, సబ్బు ఉండాలి. ఇవి లేకుండా మైకు పట్టుకోవద్దు.

2. ఇప్పుడు అసలు కష్టమైన భాగం. "ఒంటికి, రెంటికి" అనే మాటలు మామూలు గొంతుతోనే చెప్పండి. పిల్లలు నవ్వుతారు. గదమాయించకండి, నవ్వు ఆగేదాకా నిలబడండి. "ఛీ" అన్న మాట మీ నోట రాకూడదు. ఎదురుగా ఉన్న ఏ పిల్లాడినీ ఉదాహరణగా చూపించకూడదు.

తర్వాత ఒక కథ చెప్పండి. మూడో క్లాసు బాబు బస్సు టెన్షన్‌లో ఇంట్లో రెంటికి వెళ్లలేదు. మూడో పీరియడ్‌లో వచ్చింది, ఆపుకున్నాడు. కాసేపటికి ఆ ఒత్తిడి తగ్గింది, కానీ మలం పెద్దపేగులోనే ఉండిపోయింది. పేగు దాంట్లోని నీళ్లు పీల్చుకుంటూనే ఉంటుంది. ఇక్కడ రెండు ఉండలూ నొక్కి చూపించండి. తడిది మెత్తగా సాగుతుంది, ఎండింది పగులుతుంది. మర్నాడు ఆ బాబుకి నొప్పెట్టింది. భయంతో మళ్లీ ఆపుకున్నాడు, ఇంకా గట్టిపడింది. ఇంతవరకు చాలు, ఇంకా భయపెట్టకండి.

మిగతాది టీచర్లకు విడిగా చెప్పాలి. ఇలా వారాలు గడిస్తే పేగు చివర సాగిపోయి, వస్తున్నట్టు పిల్లాడికి తెలియదు. గట్టి మలం పక్కనుంచి పల్చగా కారి చెడ్డీకి మరకలవుతాయి. చూసినవాళ్లు విరేచనాలనో బద్ధకమనో తిడతారు. అది వాడి చేతుల్లో లేదు. మరకలు, రక్తం, కడుపునొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించాలి.

3. జామపండు చూపించండి. అందులోని పీచు నీళ్లను పట్టి ఉంచుతుంది, అందుకే మలం మెత్తగా ఉంటుంది. వడకట్టిన జ్యూస్‌లో ఆ పీచు పోతుంది. నేనైతే యాపిల్ చూపించను, బండి మీద దొరికే జామే చూపిస్తాను. పీచు తిని నీళ్లు తాగకపోతే లాభం లేదు కాబట్టి నీళ్ల సంగతి ఇప్పుడే చెప్పాలి. చిన్న క్లాసుల వాళ్లకు రోజుకు అయిదారు గ్లాసులు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఒంటికి ముదురు పసుపుగా వస్తే తాగింది చాలలేదని గుర్తు.

4. చివర్లో రెండే పనులు చెప్పండి. టిఫిన్ తినగానే పేగు కదులుతుంది కాబట్టి రోజూ అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోవాలి, కమోడ్ మీద కాళ్లు వేలాడితే కింద పీట వేసుకోవాలి. క్లాసులో వస్తే చెయ్యెత్తాలి. చెయ్యెత్తిన పిల్లల్ని పంపిస్తామని టీచర్ల చేత అదే మైకులో చెప్పించండి.