11 పేజీల రివిజన్ నోట్సు ఒక్క పేజీలోకి రానప్పుడు: మూడు కాలమ్‌ల తెలుగు షీట్‌లో వచ్చే ఇబ్బందులు

అనంతపురంలో డీటీపీ పని చేస్తాను. కర్నూలులో గ్రూప్-2కి చదువుకుంటున్న మా మేనల్లుడు పోయిన నెల వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. "అత్తా, రాయలసీమ చరిత్ర మొత్తం ఒక్క పేజీలోకి తెచ్చినా. ఫోన్‌లో బాగానే కనిపిస్తాంది, ప్రింట్ తీస్తే చదవలేకపోతున్నా" అన్నాడు. ప్రింట్ తీసి చూశాను. ఏ4 పేపర్, నిలువుగా మూడు కాలమ్‌లు, అక్షరం 5.5 పాయింట్లు. ఒత్తులన్నీ కింది వరుస మీద పడి, పేజీ అంతా చీమలు పాకినట్టుంది. ఆ ఒక్క షీట్‌ను బాగు చేయడంలో ఎదురైన సమస్యలే వరుసగా రాస్తున్నాను. నేను వాడింది లిబ్రేఆఫీస్ రైటర్. వర్డ్‌లో మెనూల పేర్లు కొంచెం మారతాయి, పని మాత్రం అదే.

సమస్య: ఎంత చిన్నగా చేసినా రెండో పేజీలోకి జారిపోతోంది

ఇది అక్షరం సైజుతో తీరే సమస్య కాదు. పేజీలో ఎంత పడుతుందో ముందు కొలవకపోవడమే దీనికి కారణం. మావాడి నోట్సు 11 పేజీలు, సుమారు 2,700 మాటలు. అవన్నీ అలాగే ఉంచి, పట్టేదాకా అక్షరాన్ని తగ్గించుకుంటూ పోయాడు.

నేను లెక్క మొదలుపెట్టింది ఖాళీ పేజీ నుంచి. ఏ4ను అడ్డంగా తిప్పి, నాలుగు వైపులా 8 మి.మీ. మార్జిన్, కాలమ్‌ల మధ్య 5 మి.మీ. ఖాళీ పెడితే ఒక్కో కాలమ్ వెడల్పు 90 మి.మీ. వస్తుంది. 8.5 పాయింట్ల అక్షరానికి వరుసల దూరం 12 పాయింట్లు ఇస్తే కాలమ్‌కు 45 వరుసలు, మొత్తం 135. వరుసకు ఏడెనిమిది తెలుగు మాటలు పడతాయి. హెడ్డింగులు, సగంలో ఆగే వరుసలు తీసేస్తే చేతికి మిగిలేది సుమారు 850 మాటల చోటు. అంటే మూడు మాటల్లో రెండు పోవాలి. ఈ సంగతి ముందే తెలిస్తే ఫాంట్ సైజు జోలికి పోయే అవసరమే ఉండదు.

మీ ఫాంట్‌కు ఈ లెక్క కొంచెం మారుతుంది. అందుకే మీ నోట్సులోదే ఏదో ఒక భాగం ఒక కాలమ్ నిండా అంటించి, దాన్ని సెలెక్ట్ చేసి కింది పట్టీలో మాటల సంఖ్య చూడండి. దాన్ని మూడుతో గుణిస్తే మీ పేజీ ఎంత పడుతుందో తెలుస్తుంది.

ఇక కోత. మావాడి నోట్సులో ఒక పేరా ఇలా ఉంది:

"క్రీ.శ. 1800వ సంవత్సరంలో హైదరాబాద్ నిజాం తన ఆధీనంలో ఉన్న ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడం జరిగింది. అందువల్ల ఈ ప్రాంతానికి దత్త మండలాలు అనే పేరు వచ్చింది. ఇక్కడ మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా థామస్ మన్రో నియమితుడై 1807 వరకు పనిచేశాడు. ఆ తర్వాత 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు సూచన మేరకు రాయలసీమ అనే పేరు పెట్టడం జరిగింది."

48 మాటలు. షీట్‌లోకి వచ్చేసరికి 15 అయ్యాయి:

1800 – నిజాం → కంపెనీ: దత్త మండలాలు
1800–07 – మన్రో, ప్రిన్సిపల్ కలెక్టర్
1928 నంద్యాల – 'రాయలసీమ' పేరు: చిలుకూరి నారాయణరావు

పోయినవాటిలో ఎక్కువ భాగం "జరిగింది", "అనే పేరు వచ్చింది", "ఈ ప్రాంతానికి" లాంటివి. ఏడాదిని వరుస మొదట్లోనే పెట్టడం వల్ల "సంవత్సరంలో", "ఆ తర్వాత" కూడా పోయాయి. నోట్సులోని పేరాలన్నీ దాదాపు ఇలాగే తగ్గాయి. అయినా ఇంకా 200 మాటలు ఎక్కువే మిగిలాయి. అప్పుడు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూడకుండా చెప్పగలిగినవన్నీ కొట్టేయించాను. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయిందన్న సంగతి ఆ ఊళ్లో ఉంటున్నవాడికి షీట్‌లో ఎందుకు?

సమస్య: మరుసటి రోజు చూస్తే రాసినవాడికే అర్థం కావడం లేదు

ఇది కోత ఎక్కువైనప్పుడు వస్తుంది. మావాడు ఒకచోట "1839 – కర్నూలు" అని మాత్రమే ఉంచాడు. రెండు రోజుల తర్వాత అడిగితే, అప్పుడేం జరిగిందో చెప్పలేకపోయాడు. పైగా కర్నూలు కూడా 1800లోనే కంపెనీ చేతికి పోయిందని అన్నాడు. అందుకే ఆ ఒక్క చోట కోత మానేసి పూర్తి వాక్యం రాయించాను: "కర్నూలు నవాబు సీమను కంపెనీ కలుపుకున్నది 1800లో కాదు, 1839లో."

గుర్తుండేది ఒక్క మాటగా ఉన్నా చాలు, పొరపాటు పడే చోట మాత్రం క్రియ ఉండాలి. ఏది పొరపాటు పడే చోటో తెలియాలంటే పాత టెస్టుల్లో మీరు తప్పు రాసిన ప్రశ్నలు చూసుకోండి.

సమస్య: స్టైల్‌లో సైజు 8.5 పెట్టినా తెలుగు అక్షరం తగ్గడం లేదు

అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు చిన్నవవుతాయి, తెలుగు మాత్రం 12లోనే ఉండిపోతుంది. లిబ్రేఆఫీస్ తెలుగును వేరే గుంపు లిపిగా చూస్తుంది, దానికి ఫాంటు, సైజు విడిగా ఉంటాయి. స్టైల్‌ను ఎడిట్ చేసేటప్పుడు `Font` ట్యాబ్‌లో `Western` కింద మార్చింది తెలుగుకు వర్తించదు. `Complex` కింద కూడా మార్చాలి. పాత వెర్షన్లలో దీన్ని `CTL Font` అంటారు. అది కనిపించకపోతే `Tools > Options`లో భాషల సెట్టింగుల దగ్గర `Complex text layout`కు టిక్ పెట్టండి.

సమస్య: ఒత్తులు కింది వరుసను తగులుతున్నాయి, లేదా అక్షరం పైభాగం తెగిపోతోంది

చదవలేకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. అందరూ మాత్రం అక్షరం చిన్నదవడం వల్లే అనుకుంటారు.

ఇంగ్లీషులో వరుస కిందికి దిగే అక్షరాలు కొన్నే. తెలుగులో అక్షరం పైన గుడి, గుడిదీర్ఘం, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. "రాష్ట్ర" అనే మాటలో ష కింద ఒకదాని తర్వాత ఒకటి రెండు ఒత్తులు వస్తాయి. దాని కింది వరుసలో సరిగ్గా అక్కడే "శ్రీబాగ్" పడితే, ఆ ఒత్తు వచ్చి శీ మీది గుడిదీర్ఘంలో ఇరుక్కుంటుంది. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే రెండూ విడివిడిగానే ఉంటాయి. జిరాక్స్‌లో మాత్రం ఒకే మచ్చగా కనిపిస్తాయి.

ఈ తిప్పలు ఎలా వస్తాయంటే, తెలుగు ఫాంట్లలో మామూలు `Single` స్పేసింగ్ చాలా వదులుగా ఉంటుంది. చోటు వృథా అవుతోందని `Line Spacing`ను `Fixed`కు మార్చి, అక్షరం సైజు ఎంతో వరుసల దూరం కూడా అంతే పెట్టేస్తారు. `Fixed` పెట్టడం తప్పు కాదు, నేనూ అదే పెడతాను. తప్పంతా అంకెలో ఉంది. తెలుగుకు వరుసల దూరం అక్షరం సైజుకు ఒకటింబావు రెట్ల కంటే ఎక్కువే ఉండాలి. 1.4 రెట్లయితే నిశ్చింత. 8.5 పాయింట్లకు 12 అలా వచ్చిందే. ఆ పెట్టెలో సెంటీమీటర్లు కనిపించినా `12pt` అని టైప్ చేస్తే అదే మార్చుకుంటుంది.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి నేను రెండు వరుసలు టైప్ చేస్తాను. పైన "రాష్ట్ర రాష్ట్ర రాష్ట్ర", కింద "శ్రీ కీ శ్రీ కీ శ్రీ కీ". ప్రింట్‌లో వాటి మధ్య సన్నని తెల్ల గీత కనిపిస్తే చాలు. తగులుతుంటే దూరాన్ని అర పాయింట్ చొప్పున పెంచుతాను.

చోటు చాలక రెండింటిలో ఒకటి తగ్గించక తప్పదంటే, అక్షరాన్ని తగ్గించి దూరాన్ని అలాగే ఉంచండి. 8 మీద 12 హాయిగా చదవచ్చు, 9 మీద 10 చదవలేం. 8 కంటే కిందికి మాత్రం తెలుగులో నేను పోను.

సమస్య: ద, ధ, థ ఒకేలా కనిపిస్తున్నాయి

కారణం బోల్డ్. ముఖ్యమైనవన్నీ బోల్డ్ చేస్తే గీతలు లావై, అక్షరం లోపలి ఖాళీ పూడిపోతుంది. థలోని చుక్క, ధ కిందనున్న చిన్న గీత కనిపించకుండా పోతాయి. బ, భ పరిస్థితీ అంతే. అండర్‌లైన్ ఇంకా హాని, ఒత్తుల మధ్య నుంచే పోతుంది. బూడిదరంగు పట్టీ వేస్తే జిరాక్స్‌లో చుక్కలు చుక్కలుగా వస్తుంది.

లోపలి వరుసలన్నీ మామూలు అక్షరంలోనే ఉంచండి. బోల్డ్ హెడ్డింగులకు మాత్రమే వాడి, వాటిని ఒక పాయింట్ పెద్దవి చేసి, పైన సన్నని నల్ల గీత వేయండి. మావాడి షీట్‌లో ఇలాంటి హెడ్డింగులు తొమ్మిది వచ్చాయి, కంటికి దారి చూపడానికి అవి చాలు.

సమస్య: మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు

నిలువు పేజీలో మూడు కాలమ్‌లు చేస్తే ఒక్కోటి 61 మి.మీ. మాత్రమే వస్తుంది. దానికి తోడు రెండు అంచులూ సమానంగా ఉండాలని జస్టిఫై పెడితే, "శ్రీకృష్ణదేవరాయలు" లాంటి పొడుగు మాట కింది వరుసకు పోయినప్పుడల్లా పై వరుస సాగిపోతుంది. ఎడమవైపుకు అలైన్ చేయండి, పేజీని అడ్డంగా తిప్పండి. రెండూ చేశాక మావాడి షీట్‌లో ఆ ఖాళీలు మళ్లీ కనిపించలేదు.

సమస్య: ఇంట్లో ఒక్క పేజీ, జిరాక్స్ షాపులో రెండు

డాక్యుమెంట్ ఫైలే పంపితే, షాపు సిస్టమ్‌లో మీ ఫాంటు లేనప్పుడు ఇంకేదో ఫాంటు వచ్చి వరుసలన్నీ మారిపోతాయి. `File > Export As > Export as PDF`తో పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంటు కూడా దాని వెంటే పోతుంది.

పీడీఎఫ్ పంపినా ఇంకో చిక్కుంది. ప్రింట్ ఇచ్చేటప్పుడు `Fit` అని ఉంటే పేజీ మొత్తం కొంత కుంచించుకుపోయి, మీరు లెక్కగట్టి పెట్టుకున్న 8.5 కాస్తా తగ్గుతుంది. కంటికి వెంటనే తెలియదు, చదువుతుంటే కళ్లు లాగుతాయి. `Actual size` పెట్టమని అడగండి. నేను షీట్ అడుగున సరిగ్గా 5 సెం.మీ. పొడవున్న సన్నని గీత ఒకటి పెడతాను. మావాడు కర్నూలులో తీయించిన మొదటి ప్రింట్ మీద స్కేల్ పెడితే ఆ గీత 4.6 ఉంది. షాపాయనకు అది చూపించి, `Actual size`లో మళ్లీ తీయించుకున్నాడు. రెండో ప్రింట్‌లో సరిగ్గా 5 వచ్చింది.