షూరిటీ సంతకం అడిగినప్పుడు మొహమాటపడకుండా కాదనడం ఎలా?

మన ఇళ్లలో బియ్యం అయిపోతే "లేవు" అనరు, "నిండుకున్నాయి" అంటారు. గడప దాటే మనిషి "వెళ్తాను" అనడు, "వెళ్లొస్తాను" అంటాడు. లేదు, కాదు అనే మాటలు నోట రాకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనకు, ఎదురుగా కూర్చున్న మనిషి ఏదైనా అడిగితే కాదనడం నిజంగానే కష్టం. పక్కింటివారికి స్కూటరు ఇవ్వడం, తోటి ఉపాధ్యాయుల తరగతులు కూడా మనమే తీసుకోవడం వంటి వాటిలో ఆ మొహమాటం ఖరీదు ఒక పూట శ్రమతో పోతుంది. షూరిటీ సంతకం దగ్గర మాత్రం అదే మొహమాటం కొన్నేళ్ల జీతానికి ఎసరు పెడుతుంది. అందుకే ఈ ఒక్క సందర్భం గురించే వివరంగా రాస్తున్నాను.

నేను అనంతపురంలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. నెల జీతం ఖాయంగా వచ్చే మాలాంటివాళ్లను చీటీలు వేసేవాళ్లు, అప్పులు తీసుకునేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సహోద్యోగి చీటీకి సంతకం పెట్టాను. "ఊరికే లాంఛనం, టీచరుగారూ" అన్నారాయన. నేను కాగితం చదవనైనా లేదు. చీటీ పాడుకున్నాక ఆయన కట్టడం మానేశారు. ఇంకా పద్దెనిమిది వాయిదాలున్నాయి, ఒక్కొక్కటి 5,000. వడ్డీ కాక 90,000 రూపాయలు నేను కట్టాను. ఆ డబ్బు పోయినందుకు కన్నా, చదవకుండా సంతకం పెట్టినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.

మొదట, అడుగుతున్నది ఏమిటో తెలుసుకోండి

కాదనేటప్పుడు గొంతు వణకడానికి సగం కారణం, మనం ఒక చిన్న సాయాన్ని నిరాకరిస్తున్నామన్న భావన. అది చిన్న సాయం కాదని తెలిస్తే గొంతు దానంతటదే నిలకడగా ఉంటుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. అంటే డబ్బు రావలసినవాళ్లు ముందు బాకీదారును పూర్తిగా వెంటాడి, ఆయన దగ్గర ఏమీ లేదని తేలాకే మన దగ్గరకు రావాలన్న నియమం లేదు. నేరుగా మన దగ్గరకే రావచ్చు. ముగ్గురు షూరిటీలు ఉంటే మూడో వంతే మన వంతు అనుకోవడం కూడా పొరపాటు. మొత్తం బాకీ ఎవరో ఒకరి నుంచే వసూలు చేయవచ్చు. సాధారణంగా ఆ ఒకరు, జీతం తేలిగ్గా దొరికే ప్రభుత్వ ఉద్యోగే అవుతారు. రిజిస్టరైన చిట్‌ఫండ్ కంపెనీ అయితే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర వివాదం వేసి, అవార్డు అనే తీర్పు తెచ్చుకుని, జీతం జప్తు దాకా వెళ్లగలదు. కట్టిన డబ్బును అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు 145వ సెక్షన్ మనకు ఇస్తుంది. కానీ కంపెనీకే కట్టలేని మనిషి మనకు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు?

అందుకని అడగడానికి వచ్చినవారిని నాలుగు వివరాలు అడగండి: చీటీ ఎంత, ఎన్ని నెలలు, ఎన్నో నెలలో పాడుకున్నారు, మిగతా షూరిటీలు ఎవరు. ఒక కాగితం మీద వాళ్ల ఎదుటే రాసుకోండి.

నిరుడు మా చిన్నాన్న కొడుకు వచ్చినప్పుడు నేను రాసుకున్న లెక్క ఇది. అతనికి మోటార్ల రీవైండింగ్ దుకాణం ఉంది. చీటీ 5 లక్షలు, 50 నెలలు, నెలకు 10,000. తొమ్మిదో నెలలో పాడుకున్నాడు. మిగిలినవి 41 వాయిదాలు. అంటే నేను పెట్టబోయే సంతకం విలువ 4,10,000 రూపాయలు. డివిడెండు వల్ల నెలనెలా కట్టేది కొంత తగ్గుతుంది నిజమే, కానీ వాయిదా తప్పినవాళ్లకు చాలాచోట్ల ఆ డివిడెండు ఇవ్వరు. కాబట్టి లెక్క ఎప్పుడూ పూర్తి వాయిదాతోనే వేయాలి.

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఒకే ప్రశ్న వేసుకోండి: ఇంత మొత్తం ఈ మనిషికి తిరిగి రాదనుకుని ఇవ్వగలనా? ఇవ్వగలిగితే నిశ్చింతగా సంతకం పెట్టండి. అలా పెట్టదగిన మనుషులు అందరి జీవితాల్లోనూ ఒకరిద్దరు ఉంటారు. ఇవ్వలేకపోతే జవాబు మీకు తెలిసిపోయినట్టే.

అక్కడికక్కడే జవాబు చెప్పకండి, "చూద్దాం" అని కూడా అనకండి

మా తమ్ముడు ఆదివారం ఉదయం వచ్చాడు. చిన్నమ్మ చేసి పంపిన ఓళిగలు స్టీలు డబ్బాలో తెచ్చాడు. డబ్బా మూత తీస్తే నెయ్యి వాసన. దాని పక్కనే కవరులోంచి తీసిన ఫారం, సంతకం పెట్టాల్సిన మూడు చోట్లా పెన్సిలుతో గుర్తులు. పెన్ను క్యాప్ కూడా తీసే ఉంది. అతను కుట్రతో చేసింది కాదు, మన దగ్గర అడగడం అలాగే ఉంటుంది. కానీ తీపి నోట్లో పెట్టుకుని కాదనడం మాత్రం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ఆ గదిలో, ఆ నిమిషంలో నిర్ణయం చెప్పకూడదు.

గడువు అడగండి. ఇక్కడే చాలామంది "చూద్దాంలే" అంటారు. మనం "చూద్దాం" అన్నప్పుడు మన మనసులో ఉన్నది కాదనే. విన్నవాళ్ల చెవికి అది సరే అన్నట్టు వినపడుతుంది. వాళ్లు మరో షూరిటీని వెతుక్కోవడం మానేసి మనమీదే ఆధారపడతారు. పది రోజుల తర్వాత కాదంటే వాళ్లకు కలిగే కోపం న్యాయమైనదే. గడువు అడిగేటప్పుడు రోజు, సమయం చెప్పాలి: "ఫారం ఇక్కడ వదిలిపెట్టు. చదువుకుని రేపు సాయంత్రం ఏడు గంటల లోపల నేనే ఫోన్ చేసి చెబుతాను." చెప్పిన సమయానికి ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకుండా తప్పించుకు తిరగడం మర్యాదగా అనిపిస్తుంది కానీ, కాదనడం కన్నా ఎక్కువ నొప్పించేది అదే.

కాదన్న మాట మొదటి వాక్యంలోనే రావాలి

మొహమాటస్తులు చేసే పెద్ద పొరపాటు, ముందు కారణాలన్నీ చెప్పి చివర కాదనడం. కారణం వినగానే అవతలి మనిషికి అది పరిష్కరించాల్సిన సమస్యగా కనిపిస్తుంది. "జీతం సర్టిఫికెట్ తేవడం కష్టం" అంటే "నేనే మీ హెడ్‌మాస్టరుతో మాట్లాడతాను" అంటారు. "ఇప్పటికే ఇంటి అప్పు ఉంది" అంటే "కంపెనీవాళ్లు అది పట్టించుకోరు" అంటారు.

అన్నిటికన్నా చెడ్డ సాకు "మా ఆయన ఒప్పుకోరు" అన్నది. ఇంతకుముందు ఒకసారి నేను ఆ మాటే అన్నాను. వచ్చినాయన మరుసటి రోజే మా ఆయన దగ్గరకు వెళ్లి "ఏమన్నా, నీవల్లే ఆగిపోయిందట" అన్నారు. ఏ పాపం తెలియని ఆయన తల దించుకోవాల్సి వచ్చింది. ఇంట్లో చర్చించండి, కానీ నిర్ణయం మీ పేరు మీదే చెప్పండి.

సోమవారం సాయంత్రం ఆరున్నరకు తమ్ముడికి ఫోన్ చేశాను. మా మాటలు దాదాపు ఇలా జరిగాయి.

"తమ్ముడూ, ఫారం మొత్తం చదివాను. నేను షూరిటీ పెట్టలేను. షూరిటీ సంతకాలు ఎవరికీ పెట్టకూడదని నిర్ణయం తీసుకున్నాను."

"ఏమిటక్కా, నేను పరాయివాడినా? ఒక్క వాయిదా అయినా తప్పానా?"

"తప్పలేదు, నువ్వు కడతావనే నా నమ్మకం కూడా. కానీ షూరిటీ మాత్రం పెట్టను."

"అమ్మకు ఏం చెప్పాలి మరి?"

"నేనే చిన్నమ్మకు ఫోన్ చేసి చెబుతాను. షూరిటీ మాత్రం పెట్టలేను, తమ్ముడూ."

చూడండి, రెండోసారి, మూడోసారి నేను కొత్త కారణం చెప్పలేదు. అదే మాటను అదే గొంతుతో చెప్పాను. కొత్త కారణం చెప్పిన ప్రతిసారీ మన మొదటి కారణం చాలలేదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఇంకొకటి, అతని నిజాయతీని నేను శంకించలేదు. "నువ్వు కట్టకపోతే?" అన్న ప్రశ్న వేస్తే మాట సంతకం మీద నుంచి మనిషి మీదకు మళ్లుతుంది. అక్కడ బంధుత్వం తెగుతుంది. "ఎవరికీ పెట్టను" అన్న మాట అందరికీ ఒకటే కాబట్టి తక్కువ గుచ్చుకుంటుంది. అయితే ఆ మాట నిజమై ఉండాలి. వచ్చే నెల మరొకరికి పెడితే మన ఊళ్లో అది వారంలో తెలిసిపోతుంది.

"క్షమించు" అని ఒక్కసారి అంటే చాలు. పదేపదే అంటే తప్పు చేస్తున్నామని మనకే అనిపించడం మొదలవుతుంది.

వేరే సాయం చేయగలిగితేనే చెప్పండి, నష్టపరిహారంలా ఇవ్వకండి. షూరిటీలకు బదులు బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్‌ఐసీ పాలసీ, స్థలం పత్రాల వంటివి హామీగా తీసుకునే కంపెనీలు ఉన్నాయి. తమ్ముడికి ఆ సంగతి చెప్పాను. వాళ్ల కంపెనీలో కనుక్కోమన్నాను.

ఆ రాత్రి ఏమవుతుందో ముందే తెలుసుకుని ఉండండి

ఫోన్ పెట్టాక గుండె దడదడలాడుతుంది. రాత్రి నిద్ర పట్టదు. "పోనీ, పెట్టేస్తే పోయేది కదా" అనిపిస్తుంది. ఆ ఆలోచన రావడం మీ నిర్ణయం తప్పని గుర్తు కాదు. ఏళ్ల తరబడి సరే అన్న అలవాటు అంత తేలిగ్గా వదలదు. నాకు రెండు రోజులు అలాగే ఉంది. ఆ రెండు రోజులూ తిరిగి ఫోన్ చేయకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టమైన మెట్టు.

ఇంతటి విషయంతో మొదలుపెట్టలేకపోతే చిన్నవాటితో అలవాటు చేసుకోండి. వారానికి ఒకటి చాలు. అవసరం లేని వస్తువు అంటగట్టే దుకాణదారుకు "వద్దండీ" అనడం, కుదరని ఫంక్షనుకు "రాలేనండీ" అని ముందే చెప్పడం. వాక్యం ఒకటే, కారణం లేకుండా. అడుగుతున్నది మీ బదిలీ, సెలవులు చేతిలో ఉన్న పై అధికారి అయితే అది మొహమాటం కాదు, ఒత్తిడి. అక్కడ ఒంటరిగా మాట్లాడకుండా తోటి ఉద్యోగులనో, సంఘాన్నో వెంట పెట్టుకోవాలి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, ఆ పత్రాల నకలు తీసుకోండి. వాయిదా తప్పితే వెంటనే తెలియజేయమని కంపెనీకి లేఖ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎప్పుడైనా మీరు డబ్బు కట్టాల్సి వస్తే రసీదు మీ పేరు మీదే తీసుకోండి. 145వ సెక్షన్ కింద తిరిగి అడగడానికి ఆ రసీదే ఆధారం.

చిన్నమ్మకు మాట ఇచ్చినట్టే మంగళవారం ఫోన్ చేశాను. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. స్టీలు డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది. డబ్బా ఖాళీగా తిరిగి పంపే అలవాటు మాకు లేదు. వేరుశనగ ఉండలు చేసి, పై ఆదివారం నేనే తీసుకెళ్లాను. తమ్ముడు దుకాణంలో ఉన్నాడు. ఎల్‌ఐసీ పాలసీ పెట్టి, మిగిలినదానికి దుకాణం ఎదుటి స్థలం పత్రాలు చూపించానని చెప్పాడు. ముఖం కాస్త ముడుచుకునే ఉంది. అయినా కుర్చీ జరిపి, టీ తెప్పించాడు.