ఐఈఎల్‌టీఎస్ ఎస్సేలు ఒకరివి ఒకరు దిద్దుకుంటే బ్యాండ్లు ఎందుకు కుదరవు: సమస్య - పరిష్కారం

ఇది ఐఈఎల్‌టీఎస్‌లో ఎస్సే రాసే రైటింగ్ టాస్క్ 2 కోసం కలిసి చదువుకునే నలుగురి గ్రూపును దృష్టిలో పెట్టుకుని రాసింది. ఒక్కో ఎస్సేను మిగతా ముగ్గురు దిద్దుతారు. అందరి దగ్గరా ఐఈఎల్‌టీఎస్ వాళ్లు బయటపెట్టిన బ్యాండ్ డిస్క్రిప్టర్ల ప్రింటు, అంటే ఒక్కో బ్యాండు స్కోరుకు రాత ఎలా ఉండాలో చెప్పే పట్టిక, ఉండాలి. అది 2023లో మారింది కాబట్టి పాత జిరాక్స్ కాపీలు పక్కన పడేయండి.

సమస్య: అందరికీ ఆరున్నరే వస్తోంది

మొత్తం ఎస్సే చదివేసి ఒక్క అంకె వేస్తే జరిగేది ఇదే. ఎదురుగా కూర్చున్న స్నేహితుడికి అయిదు వేయడానికి చెయ్యి రాదు, ఏడు వేసే ధైర్యమూ ఉండదు. నిజానికి ఎగ్జామినర్ ఒక్క అంకె వేయడు. ప్రశ్నకు ఇచ్చిన జవాబు చూసే టాస్క్ రెస్పాన్స్, పొందిక చూసే కొహీరెన్స్, పదసంపద చూసే లెక్సికల్ రిసోర్స్, గ్రామర్ అని నాలుగు అంశాలకు విడివిడిగా వేస్తాడు. నాలుగింటికీ సమాన విలువ, ఒక్కోదానికి పూర్తి అంకెలే. అంటే ఒక అంశానికి ఆరో ఏడో వేయాలి తప్ప ఆరున్నర లేదు.

అందుకే ఎస్సేలను పేర్లు తీసేసి, టైప్ చేసి, లైన్ నంబర్లతో ప్రింటు తీయండి. టైప్ చేసేటప్పుడు రాసినవాళ్ల తప్పులు సరిదిద్దకూడదు. ముందు మూడు ఎస్సేలకూ టాస్క్ రెస్పాన్స్ మాత్రమే వేసి, తర్వాతే రెండో అంశానికి వెళ్లండి. ఎస్సేకు అయిదు నిమిషాల చొప్పున ఒక్కో అంశానికి పావుగంట, నాలుగింటికీ గంట పడుతుంది. చర్చకు ఇంకో అరగంట. ఆ గంటసేపూ ఎవరూ మాట్లాడకూడదు, ఎవరి అంకె ఎవరికీ చూపకూడదు.

సమస్య: ఒకే ఎస్సేకు ఒకరు 5, ఇంకొకరు 7

ఒక ఉదాహరణ తీసుకుందాం. సిటీ బస్సులు అందరికీ ఉచితం చేయాలన్న అభిప్రాయంతో ఎంతవరకు ఏకీభవిస్తారన్నది ప్రశ్న. టాస్క్ రెస్పాన్స్‌కు ముగ్గురూ 5, 6, 7 వేశారు. సగటు తీసి ఆరు అనుకుంటే గొడవ తీరుతుంది కానీ ఎవరికీ ఏమీ తెలియదు. అంకె వేసిన ప్రతివాళ్లూ డిస్క్రిప్టర్‌లోని మాట ఒకటి, దానికి రుజువైన లైన్ నంబరు ఒకటి చూపాలి.

ఏడు వేసినవాళ్లు రెండో లైను చూపారు: "పూర్తిగా ఏకీభవిస్తాను" అని అక్కడ స్పష్టంగా ఉంది. అయిదు వేసినవాళ్లు చూపినవన్నీ గ్రామర్ తప్పులే. అవి ఈ అంశంలోకి రావు, వాటికి వేరే గడి ఉంది. ఇలా గ్రామర్ చిరాకు మిగతా గడుల్లోకి కారడమే రెండు బ్యాండ్ల తేడాకు మామూలు కారణం. ఆరు వేసినవాళ్లు మాత్రం చివరి పేరా చూపారు. అక్కడ "రెండు వైపులా మంచీ చెడూ ఉన్నాయి" అని ముగించారు. కాలుష్యం తగ్గుతుందన్న పాయింటు కూడా ఒక్క వాక్యంతో ఆగిపోయింది. ఏడుకు అభిప్రాయం స్పష్టంగా ఉండి, ముందుకు సాగాలి. ఆరు దగ్గర అభిప్రాయం ఉన్నా ముగింపు అస్పష్టంగా ఉండొచ్చు, కొన్ని పాయింట్లు చాలినంత విస్తరించకపోవచ్చు. కాబట్టి ఇక్కడ 6 నిలుస్తుంది.

రాసినవాళ్లు ఈ చర్చ అయ్యేదాకా నోరు విప్పకూడదు. "నా ఉద్దేశం అది కాదు" అన్న వివరణ పరీక్షలో ఎస్సేతోపాటు వెళ్లదు కదా.

సమస్య: ముగ్గురూ గ్రామర్‌కు 7 వేశారు, పరీక్షలో 6 వచ్చింది

గ్రూపులో ముగ్గురి అంకెలూ కలిశాయంటే అవి సరైనవని కాదు. ముగ్గురూ ఒకే తప్పును చూడలేకపోయి ఉండొచ్చు. తెలుగులో ఎ, యాన్, ది లాంటి ఆర్టికల్స్ లేవు. అందువల్ల రాసినవాళ్లకే కాదు, దిద్దేవాళ్లకూ అవి లేని లోటు కంటికి ఆనదు. "గవర్నమెంట్ షుడ్ రెడ్యూస్ ఫేర్" అన్న వాక్యం మనకు నిండుగానే వినిపిస్తుంది.

చదువుతూ పోతే ఇవి దొరకవు, వెతకాలి. ఒకరు కేవలం నామవాచకాలకు గీతలు గీసి, ఒక్కోదాని ముందు ఆర్టికల్ కావాలా, చివర బహువచనం 'ఎస్' కావాలా అని అడుగుతూ వెళ్లాలి. ఆ తర్వాత ఒక్క తప్పూ లేని వాక్యాలు లెక్కపెట్టండి. ఏడుకు తప్పులేని వాక్యాలు తరచుగా కనిపించాలి. పదహారు వాక్యాల్లో నాలుగే శుభ్రంగా ఉంటే ఏడు అనడం కష్టం. అలాగని అయిదుకూ దించకండి. ఆర్టికల్ లేకపోయినా అర్థం చెడడం అరుదు, అర్థానికి అరుదుగా అడ్డొచ్చే తప్పులు ఆరులోనే ఉన్నాయి.

అయినా గ్రూపు మొత్తం అర బ్యాండో బ్యాండో ఉదారంగా ఉందా అన్నది లోపల కూర్చుని తేల్చలేం. దానికి అధికారిక సైటులో బ్యాండూ ఎగ్జామినర్ వ్యాఖ్యా కలిపి ఇచ్చిన నమూనా ఎస్సే ఒకటి తీసుకుని, బ్యాండు దాచి, మీ ఎస్సేల మధ్యలో కలపండి. దానికి మీరు ఏడు వేసి అక్కడ ఆరు ఉంటే, ఆ రోజు వేసిన మిగతా అంకెలన్నీ మళ్లీ చూడాల్సిందే.