చీటీ దాచిన చోటే ఆగండి
చిన్ననాటి డబ్బు ఇబ్బందుల గురించి రాసేటప్పుడు, ఆ వయసులో పిల్లకి తెలిసినంతే రాయండి. అప్పు ఎంతో తనకి తెలియదు. తలుపు చప్పుడైతే అమ్మ టీవీ కట్టేసి, మాట్లాడొద్దని సైగ చేయడం తెలుసు. "మేం చాలా పేదవాళ్లం" అన్న వాక్యం కొట్టేసి, స్కూలు టూర్ ఫీజు చీటీని పిల్ల పుస్తకంలో దాచేసి, టీచర్‌తో "నాకు బస్సు పడదండీ" అనడం రాయండి. అక్కడే ఆగాలి. తర్వాత "పాపం, పసి మనసు" అని వచ్చినా, "ఆ లేమే మమ్మల్ని మనుషుల్ని చేసింది" అని వచ్చినా, అవి పెద్దయ్యాక అతికించిన మాటలే. కానీ అబద్ధం పారిందన్న చిన్న గర్వం, టూర్‌కి వెళ్లినవాళ్ల మీద కుళ్లు మాత్రం ఉంచండి. అవి తీసేస్తే పిల్ల మరీ మంచిదైపోతుంది, చదివేవాళ్లకి నమ్మబుద్ధి కాదు.