క్రోషే దుప్పటి – 4వ పాఠం: చారలు ఒకదాంట్లో ఒకటి కలవాలంటే

పోయినసారి డబుల్ క్రోషే వరసలు వంకర పోకుండా వేయడం చూశాం కదా, ఈసారి రంగులు. ముందు నా తప్పు చెప్తాను. బెంగళూరులో డిసెంబరు చలికని మా అత్తయ్యకి దుప్పటి మొదలుపెట్టి, చిక్‌పేటలో ఓ కొట్లో కంటికి నచ్చిన మూడు రంగుల ఊలు ఉండలు తెచ్చాను: వంగపండు, మీగడ, చిలకపచ్చ. విడివిడిగా మూడూ ముద్దొచ్చేవే. పాతిక వరసలయ్యాక చూసి అత్తయ్య, "ఇదేంటమ్మా, జీబ్రా క్రాసింగా?" అంది.

ఆవిడ అన్నది నిజమే. రెండు చారల మధ్య గీత కొట్టొచ్చినట్టు కనబడేది చాలాసార్లు రంగు వేరైనందుకు కాదు, ఒకటి బాగా ముదురు, పక్కది బాగా లేత అయినందుకు. దీన్ని పట్టుకోవడం తేలిక. ఉండల్ని పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్ చేయండి. నా వంగపండు దాదాపు నల్లగా, మీగడ తెల్లగా వచ్చాయి, మధ్యలో మెట్టు లేదు. అందుకని ఆ రెంటి మధ్యకి ఎండు గులాబీ, ఉల్లిపొర రంగు తెచ్చాను. ఇప్పుడు ఫోటోలో ముదురు నుంచి లేతకి నాలుగు మెట్లు.

కానీ ఈ పరీక్షకి దొరకనిది ఒకటుంది. చిలకపచ్చ, ఎండు గులాబీ రెండూ ఫోటోలో ఒకే బూడిదగా వచ్చాయి, చేత్తో పట్టుకుంటే మాత్రం పచ్చ ఒక్కటే అరుస్తోంది. మిగతావన్నీ కాస్త మసకబారిన రంగులు, ఇదేమో నిండు మెరుపు. తీసేశాను. (అది ఇంకా అలమరాలోనే ఉంది, పిల్లల టోపీ అవుతుందేమో.)

ఇక అతుకు దగ్గర. వంగపండు ఆరు వరసలు వేశాక నేరుగా గులాబీకి దూకకుండా, రెండు వరసలు గులాబీ, మళ్ళీ రెండు వంగపండు, ఆ తర్వాత ఆరు గులాబీ. దూరం నుంచి చూస్తే గీత చెదిరిపోతుంది. ఒక్కో వరసే మార్చితే ఇంకా మెత్తగా కలుస్తుంది గానీ, దారం అవతలి అంచున చిక్కుకుపోయి ప్రతిసారీ తెంచాలి, ఆ కొసలు దాచడానికి ఓపిక ఎవరికుంది. రెండు వరసలైతే దారం బయల్దేరిన అంచుకే తిరిగొస్తుంది, పక్కనుంచి వదులుగా పైకి లాక్కోవచ్చు. బిగించి లాగితే అంచు ముడుచుకుంటుంది, జాగ్రత్త.

రంగు మార్చేది కొత్త వరసలో కాదు, పాత వరస చివరి కుట్టులో. హుక్ మీద రెండు లూపులు మిగిలినప్పుడు కొత్త దారం అందుకుని లాగండి. అలా చేయకపోతే కొత్త చార మొదట్లో పాత రంగు చుక్కలా ఉండిపోతుంది.

హుక్ పట్టేముందు ఇదంతా ఓ అట్టముక్క మీద చూసుకోవచ్చు: ఒక వరసకి ఒక చుట్టు లెక్కన, ఆరు, రెండు, రెండు, ఆరు అని చుట్టి, పగలు కిటికీ దగ్గర నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. రాత్రి లైటు కింద ఎంచుకున్నవి పొద్దున్నే మారిపోతాయి. వచ్చే పాఠానికి ఆ అట్ట పక్కనే ఉంచుకోండి, అంచు రంగు దాన్నిబట్టే ఎంచుతాం.