సైడ్‌వాల్ ఉబ్బిన టైరు: గాలి నిలుస్తోంది కదా అని తిరగకండి

మొన్న మా ఆఫీసులో ఒకాయన కారు ముందు టైరు హైవే మీద పేలింది. లోపల నలుగురున్నారు, డిక్కీ నిండా సామాను, పైన మధ్యాహ్నం ఎండ. బండి డివైడర్‌ని రాసుకుంటూ వెళ్లి ఆగింది, అదృష్టం కొద్దీ ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. బాధ ఏంటంటే, ఆ టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ మీద ఉబ్బు ఉందని ఆయనకి ముందే తెలుసు. అంతకు కొన్నాళ్ల క్రితం వానలో, నీళ్లు నిండి కనపడని గుంతలో చక్రం గట్టిగా పడింది. ఆ రోజు దిగి చూస్తే ఏమీ లేదు. తర్వాత ఒక రోజు బండి కడుగుతుంటే సైడ్‌వాల్ మీద బొటనవేలంత బుడగ కనిపించింది. గాలి చెక్ చేయించాడు, 33 పీఎస్‌ఐ ఉంది, నాలుగు రోజులాగి మళ్లీ చూసినా అంతే. "గాలి దిగట్లేదు కదా, ఊరెళ్లొచ్చాక మారుద్దాం" అనుకున్నాడు.

నేను చూసినంతలో జనాన్ని ముంచేది ఈ ఒక్క మాటే. వానలు మొదలయ్యాయి, గుంతలన్నీ నీళ్ల కింద దాక్కున్నాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. గాలి సరిగ్గా పెట్టుకోండి, అరిగిన టైర్లు మార్చుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

గాలిని ఆపేది ఒకటి, బరువు మోసేది ఇంకొకటి

ట్యూబ్‌లెస్ టైరు లోపలి వైపు గాలి బయటికి పోకుండా పల్చటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. దాని పని గాలిని ఆపడం వరకే. గాలి ఒత్తిడికి, బండి బరువుకి తట్టుకునేది ఆ పొర వెనకున్న దారాలు. కారు టైర్లలో ఇవి ఎక్కువగా పాలిస్టర్ దారాలు, రిమ్ము ఒక అంచు నుంచి, నేలకి ఆనే ట్రెడ్ కిందుగా, రెండో అంచు దాకా పక్కపక్కనే వరసగా సాగుతాయి. ట్రెడ్ కింద వీటికి తోడుగా స్టీలు బెల్టులు ఉంటాయి, కానీ అవి సైడ్‌వాల్ దాకా రావు. అక్కడ ఉండేది ఒకటో రెండో వరసల దారాలు, పైన కొన్ని మిల్లీమీటర్ల రబ్బరు. నిండిన గోనె సంచి చిరిగితే లోపలున్న ప్లాస్టిక్ కవరు కాసేపు సరుకుని బయట పడకుండా ఆపుతుంది గానీ బరువు మోయలేదు, ఇక్కడా అంతే.

గుంతలో పడ్డప్పుడు ఏం జరుగుతుందంటే, గుంత అంచు టైరుని కింద నుంచి గుద్దుతుంది, పై నుంచి రిమ్ము అంచు దిగుతుంది, ఆ రెండింటి మధ్య సైడ్‌వాల్ మడత పడి నలుగుతుంది. రబ్బరు సాగి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. దారాలు అంత సాగవు, తెగిపోతాయి. బయట గీత కూడా పడకపోవచ్చు. లోపలి పొర పూర్తిగా చిరగలేదు కాబట్టి గాలి బయటికి పోదు, కానీ దారాలు తెగిన చోట ఆ గాలి ఒత్తిడిని ఆపేవాళ్లు లేరు, అందుకే అక్కడ రబ్బరు బయటికి ఉబ్బుతుంది. ఇది గుంతలో పడ్డ రోజే కనపడొచ్చు, వారాల తర్వాత కూడా కనపడొచ్చు.

అంటే ఉబ్బు ఉండి గాలి దిగకపోతే టైరు బాగున్నట్టు కాదు. దారాలు తెగాయి, రబ్బరు ఇంకా తెగలేదు, అంతే దాని అర్థం. ప్రెషర్ గేజ్ కొలిచేది గాలిని, దారాలని కాదు.

ఆయన టైరు సంగతే లెక్క వేసి చూద్దాం. 33 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.3 కిలోల ఒత్తిడి. ఉబ్బు 4 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు అనుకుంటే 12 చదరపు సెంటీమీటర్లు, అంటే ఆ చిన్న చోటు మీద లోపల నుంచి 27 కిలోల పైచిలుకు తోపు ఎప్పుడూ ఉంటుంది, బండి ఆగి ఉన్నా సరే. తెగిన దారాలు మోయాల్సింది పక్క దారాల మీద పడుతుంది. ఇక బండి కదిలితే, మామూలు కారు చక్రం ఒక చుట్టుకి 1.9 మీటర్లు వెళ్తుందనుకోండి, కిలోమీటరుకి సుమారు 525 చుట్లు. ప్రతి చుట్టులో ఆ చోటు నేల వైపుకి వచ్చినప్పుడల్లా ఒకసారి వంగి మళ్లీ నిటారవుతుంది. 200 కిలోమీటర్లు పోతే లక్ష సార్లు పైనే. తెగిన దారాల కొసలు రబ్బరుతో రాసుకుని వేడెక్కుతాయి, పక్క దారాలు ఒక్కొక్కటిగా తెగుతాయి, ఉబ్బు పెరుగుతుంది. దానికి తోడు ఎండ, వేగం, నిండు బరువు కలిస్తే లోపల గాలి వేడెక్కి ఒత్తిడి ఇంకొన్ని పాయింట్లు పెరుగుతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఓర్చుకున్న టైరు హైవే మీదే ఎందుకు పేలిందో అర్థమైంది కదా. పంక్చరులా మెల్లగా దిగి హెచ్చరించే ఓపిక దానికి ఉండదు, చీలిక తెరుచుకున్న క్షణంలోనే గాలంతా పోతుంది.

ఎందుకు రిపేరు కాదు

ట్రెడ్‌లో మేకు దిగితే ప్యాచ్ వేస్తారు, అది పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పోయింది గాలి ఆపే పని మాత్రమే. బరువు మోయడానికి చుట్టూ స్టీలు బెల్టులు ఉన్నాయి, ఆ చోటు పెద్దగా వంగదు కూడా. అక్కడైనా కారు టైరుకి 6 మిల్లీమీటర్ల కన్నా పెద్ద రంధ్రమైతే రిపేరు చేయకూడదనేదే మామూలు నియమం. సైడ్‌వాల్‌లో ప్యాచ్ అతికించినా అది గాలిని ఆపుతుందే గానీ తెగిన దారాలని కలపదు. పైగా చుట్టు చుట్టుకీ వంగే చోట అతికించిన ముక్క అంచుల దగ్గర లేవడం మొదలుపెడుతుంది. ప్యాచ్ వేశాక గాలి నిలుస్తుంది, మళ్లీ అదే మోసం, గాలి నిలుస్తోంది కదా అని మీరు ధైర్యంగా తిరుగుతారు.

"లారీ టైర్లకి సైడ్‌వాల్ రిపేరు చేస్తారు కదా" అని అడిగేవాళ్లుంటారు. నిజమే, పెద్ద టైర్లకి దెబ్బతిన్న భాగం కోసి, దారాలున్న బలమైన ముక్క పెట్టి, వేడితో ఉడికించి అతికించే పద్ధతి ఉంది. దానికి వేరే యంత్రాలు, దెబ్బ ఎంత పెద్దదైతే చేయకూడదనే హద్దులు ఉన్నాయి. అది చూపించి కారు టైరుకి, బైకు టైరుకి రోడ్డు పక్కన చేయించుకోకండి.

ఏది ఉబ్బు, ఏది కాదు

సైడ్‌వాల్ మీద రిమ్ము వైపు నుంచి ట్రెడ్ వైపుకి నిలువుగా, లోపలికి నొక్కుకున్నట్టు సన్నటి గాడి కనిపిస్తే భయపడకండి, అది దారాల పొర అంచులు ఒకదాని మీద ఒకటి కలిసిన చోటు, తయారీలోనే వస్తుంది. లోపలికి పోయింది సాధారణంగా ప్రమాదం కాదు. బయటికి వచ్చింది ప్రమాదం, ఎంత చిన్నదైనా సరే. తేడా తెలియకపోతే టైరు దించి లోపల చూపించండి, తెలిసేదాకా దాని మీద తిరగకండి.

కోతల విషయం కొంచెం వేరు. ఫుట్‌పాత్ అంచుకి రాసుకుని పైపైన రబ్బరు చెక్కుకుపోతే అది గీత కిందే లెక్క, గమనిస్తూ ఉంటే చాలు. కోత పెదవులు రెండు వేళ్లతో విడదీస్తే అడుగున నల్లటి రబ్బరు కాకుండా దారాలు, అల్లిక లాంటిది కనపడితే ఆ టైరు పని అయిపోయింది. దారం తెగకపోయినా సరే, ఆ దారిన నీళ్లు, మట్టి లోపలికి పోయి దారాలకి రబ్బరుకి మధ్య పట్టు పోతుంది. లోతు తేలకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడకండి, లేని దెబ్బ మీరే చేస్తారు.

ఇక మిగతావి:

గుంతలో గట్టిగా పడ్డాక టైరుకి రెండు వైపులా చూడండి. బండి కిందికి తిరిగి ఉండే వైపు ఎవరూ చూడరు, ఉబ్బు అక్కడా రావచ్చు. ముందు చక్రాలకి స్టీరింగ్ పూర్తిగా తిప్పి టార్చి వేయండి, వెనక వాటికి ఫోను కింద పెట్టి వీడియో తీసి చూడండి. ఆ రోజుతో వదిలేయకుండా నెల రోజుల పాటు వారానికోసారి చూడండి.

రిమ్ము అంచు వంగితే టైరు దించి లోపల చూడకుండా రిమ్ము ఒక్కటే సరిచేయించి వచ్చేయకండి. రిమ్ముని వంచిన దెబ్బ టైరు మీద నుంచే వెళ్లింది.

ఉబ్బు కనిపించిన చోటే స్టెప్నీ వేయండి. టైర్ల షాపు దాకా దాని మీదే పోదామనుకోకండి. స్టెప్నీ లేకపోతే టోయింగ్ పిలవండి. స్టెప్నీ సన్నటి రకమైతే దాని మీద రాసిన వేగం దాటకండి, చాలా వాటికి అది గంటకి 80 కిలోమీటర్లు.

గాలి తగ్గించి నడపకండి. ఉబ్బు చిన్నదైనట్టు కనిపిస్తుంది, కానీ సైడ్‌వాల్ ఇంకా ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది.

గాలి పెంచి చూడకండి. ఉబ్బు ఉన్న టైరుకి గాలి పట్టిస్తూ దానికి ఎదురుగా మొహం పెట్టకండి. కాలితో తన్ని చూడకండి.

ఉబ్బిన టైరుని వెనక చక్రానికి మార్చి తిరగకండి. వెనక టైరు పేలితే బండి తోక పక్కకి జారి తిరిగిపోతుంది, చాలామందికి దాన్ని ఆపడం చేతకాదు.

లోపల ట్యూబు వేయించకండి. మోయాల్సింది దారాలు, ట్యూబు కాదు. ట్యూబు వేస్తే గాలి నిలుస్తుంది, మిమ్మల్ని మోసం చేసేదే అది.

ఉబ్బిన టైరుని స్టెప్నీగా దాచుకోకండి. అర్ధరాత్రి వానలో దాన్నే బిగించుకుని ఇంటికి బయల్దేరతారు.

బైకైతే ఒక్క కిలోమీటరు కూడా వద్దు.

కొత్త టైరు అదే సైజు, ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ ఇండెక్స్, ఎంత వేగం తట్టుకుంటుందో చెప్పే స్పీడ్ రేటింగ్ కూడా అంతే ఉన్నాయో లేదో చూసి వేయించండి, అదే యాక్సిల్ మీది రెండో టైరు బాగా అరిగి ఉంటే రెండూ మార్చండి.

పాత టైర్లు కొనేవాళ్లు సైడ్‌వాల్ మీద పాలిష్ నిగనిగలాడుతుంటే తుడిపించి చూడండి, లోపలి వైపు చెయ్యి పెట్టి ప్యాచ్ ఉందేమో తడమండి. సైడ్‌వాల్‌లో ప్యాచ్ ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

నడుస్తుండగా పేలితే బ్రేకు మీద కాలు వేయకండి. స్టీరింగ్ రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, వేగం బాగా తగ్గాక పక్కకి తీయండి.

మార్చేసిన ఉబ్బు టైరుని షాపులో అలాగే వదిలి రాకండి. మీ ముందే సైడ్‌వాల్ కోయించండి, లేకపోతే దానికి పాలిష్ కొట్టి "గాలి నిలుస్తుంది సార్" అని ఇంకొకరికి అమ్ముతారు.