ఫోటోలోని డ్రా చూసి ఎదురు జట్టును లెక్కేసే ముందు

మహారాష్ట్రలోని సిరొంచ, అంకీసా వైపు కబడ్డీ పోటీలంటే డ్రా కాగితం మరాఠీలో ఉంటుంది, మనకు చేరేది వాట్సాప్‌లో ఒక వంకర ఫోటో. సగం మడత పడి, కుడివైపు గీతలు తెగిపోయి ఉంటుంది. దాన్ని చూసి "గెలిస్తే రేపు ఫలానా జట్టుతో" అని ఊళ్లో చెప్పేయకండి. ముందు తెల్లకాగితం మీద మళ్లీ గీయండి.

మొదట జట్లు లెక్కపెట్టాలి. నాకౌట్‌లో ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జట్టు ఇంటికి పోతుంది కాబట్టి 11 జట్లుంటే మ్యాచ్‌లు 10. ఫైనల్ నంబర్ 10 అని కనిపిస్తూ పేర్లు 10 మాత్రమే ఉంటే, ఒక పేరు మడతలో పోయినట్టే. మూడో స్థానానికి మ్యాచ్ పెట్టారేమో మాత్రం చూసుకోండి, అప్పుడు ఒకటి ఎక్కువవుతుంది.

అసలు చిక్కు బైలతో, అంటే మొదటి రౌండ్ ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి పోయే జట్లతో. 2, 4, 8, 16 అని రెట్టింపయ్యే వరుసలో 11 తర్వాత వచ్చే మెట్టు 16, అంటే 5 జట్లకు బై. మన పీఈటీ సార్లు వేసే మామూలు పద్ధతిలో పై సగంలో లాట్ నంబర్లు 1 నుంచి 6, కింది సగంలో 7 నుంచి 11 ఉంటాయి. బై వరుసగా 11, 1, 7, 6, 10కి పడుతుంది. మొదటి రౌండ్‌లో మిగిలేవి మూడే మ్యాచ్‌లు: 2–3, 4–5, 8–9. చాలామంది ఇక్కడే ఒకటో మ్యాచ్ విజేతకూ రెండో మ్యాచ్ విజేతకూ క్వార్టర్స్ కట్టేస్తారు. అలా కాదు. 2–3 విజేతకు ఎదురు 1, 4–5 విజేతకు ఎదురు 6. ఆ రెండు కొమ్మలూ కలిసేది సెమీస్‌లోనే.

మీ లాట్ 8 అనుకోండి. 9 మీద గెలిస్తే క్వార్టర్స్‌లో 7తో ఆట, వాళ్లు అప్పటిదాకా ఆడనే లేదు. సెమీస్‌లో 10, 11లలో గెలిచినవాళ్లు. 1 నుంచి 6 దాకా ఎవరైనా సరే ఫైనల్లోనే, ఆ జట్ల గురించి ఇప్పటి నుంచే టెన్షన్ అనవసరం. అయితే ఫోటోలో గీత స్పష్టంగా ఇంకోలా ఉంటే గీతనే నమ్మండి, నిర్వాహకులందరూ ఇదే పద్ధతి పాటించరు.

దేవనాగరి ఒకటి అంకె హడావుడిలో మన 9లా కనిపిస్తుంది. నాలుగో మ్యాచ్ గడిలో "9 విజేత" అని చదివారంటే అనుమానించండి, తొమ్మిదో మ్యాచ్ ఇంకా జరగలేదు కదా! ఫైనల్, మూడో స్థానం మ్యాచ్ తప్ప ప్రతి మ్యాచ్ విజేతా తర్వాతి రౌండ్‌లో ఒక్కసారే, అదీ అంతకంటే పెద్ద నంబర్ గడిలోనే కనిపించాలి. 9 రెండుసార్లు వచ్చి 1 అసలు రాకపోతే తప్పు చదివింది ఎక్కడో తెలిసిపోతుంది.

క్వార్టర్స్ దగ్గర మళ్లీ చీట్లు తీసే ఆనవాయితీ కొన్నిచోట్ల ఉంది. అది ఏ ఫోటోలోనూ దొరకదు, ఎంట్రీ కట్టేటప్పుడే అడగాలి.